ఉద్యోగం పోయిన దోస్తుకు: కవరా, చొక్కానా, బత్తాయిలా, ఫైలా?

మన దిక్కు పెళ్లిళ్లలో మంటపం పక్కన ఒకాయన నోటుబుక్కు పట్టుకొని కూర్చుంటాడు. ఎవరు ఎంత చదివించారో రాసుకుంటాడు. రేపు వాళ్లింట్లో పెళ్లయినప్పుడు ఆ బుక్కు తీసి చూసి, అంతకు తగ్గకుండా పెట్టాలి. ఉద్యోగం పోయిన మనిషికి ఏదైనా ఇచ్చేటప్పుడు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఈ బుక్కునే. ధర కనబడే వస్తువు ఏదైనా అందులో ఎక్కుతుంది. జీతం లేని ఇంట్లో ఆ పద్దు బరువుగా ఉంటుంది.

ఒక లెక్క వేసుకుందాం. దోస్తుది మిర్యాలగూడ. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో ఎనిమిదేళ్లు చేశాడు. మూడు వారాల కింద పని పోయింది, ఇద్దరు పిల్లలతో ఊరికి వచ్చాడు. మీరు పెట్టగలిగింది 300 రూపాయలు.

కవర్లో డబ్బులు పెట్టి ఇవ్వడం అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా నష్టం. 300 రూపాయలతో వాళ్లింట్లో ఏదీ గట్టెక్కదు. కానీ ఇంటికొచ్చి కవరు ఇచ్చారన్న మాట మాత్రం పిల్లల ముందు, పెద్దల ముందు నిలిచిపోతుంది. పిల్లల ఫీజో, అమ్మ మందులో నిజంగా ఆగిపోతే అది వేరే సంగతి. అప్పుడు కానుక ముచ్చట పక్కనబెట్టి, ఎంత కావాలో అడిగి, అప్పుగా ఇస్తున్నారో ఊరికే ఇస్తున్నారో తేల్చి చెప్పి ఇవ్వాలి. కవరును కానుకలా చూపిస్తే కానుకా, సాయమూ రెండూ చెడతాయి.

ఇంటర్వ్యూకు పనికొస్తుందని చొక్కా కొనేవాళ్లున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ 300కి వచ్చే చొక్కా ఇంటర్వ్యూకు తొడుక్కోలేరు, తొడుక్కోగలిగేది 300కి రాదు. పైగా మన దగ్గర బట్టలు పెట్టడం అంటే తిరిగి బట్టలు పెట్టాల్సిన సంబంధం. ఇంటికి పిలిచి బొట్టుపెట్టి ఇస్తే అది ఇంకా గట్టిపడుతుంది. ధైర్యం చెప్పే పుస్తకాలదీ అదే దారి: నీలో ఏదో తక్కువైంది, చదువుకో అన్నట్టు వినబడతాయి.

దారి ఖర్చులు పెట్టుకుందామనుకుంటే ముందు ఒకటి చూడండి. దోస్తు ఆడమనిషైతే తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు 2023 డిసెంబర్ 9 నుంచి ఉచితమే, కాబట్టి ఆ కానుకకు అర్థం లేదు. మగవాళ్లకైతే టికెట్ కొనడం కన్నా మీరు ఎటూ పోతున్న రోజు బండిమీద తోలుకపోవడం మేలు.

తినేది మంచి కానుక, కానీ గిన్నె విషయంలో చాలామంది తప్పు చేస్తారు. స్టీలు డబ్బాలో సకినాలు పంపిస్తే ఆ డబ్బా ఖాళీగా తిరిగిరాదు. పంచదారో, పండో, ఏదో ఒకటి వేసి పంపాలని ఆ ఇంటి ఆడవాళ్లు అనుకుంటారు. అంటే మీరు వాళ్లకు ఒక పని పెట్టినట్టే. కాగితం సంచిలో గానీ, పాత గుడ్డ సంచిలో గానీ ఇచ్చి, "సంచి నాకొద్దు, ఇంట్ల ఇంక శాన ఉన్నయ్" అంటే లెక్క అక్కడితో తెగిపోతుంది. నల్లగొండ దిక్కు చాలా ఇళ్లకు బత్తాయి తోటతో ఏదో ఒక చుట్టరికం ఉంటుంది. తోటలో కోసిన ఐదారు కిలోలు తెచ్చి ఇస్తే అది ఏ బుక్కులోకీ ఎక్కదు, ఎందుకంటే వాటిని పంచడం మామూలే. బజార్లో కొన్న స్వీటు డబ్బాకు ఆ సౌకర్యం లేదు, దానిమీద కొట్టు పేరుంటుంది, లోపల ధర ఊహించుకోవచ్చు. బత్తాయిలు ఆప్యాయత చూపిస్తాయి, కానీ పనికి దారి చూపించవు. రెండూ కావాలంటే ఫైలు.

ఫైలంటే అంగడిలో దొరికే ఎ4 సైజు, ఇరవై ప్లాస్టిక్ జేబులున్న డిస్‌ప్లే ఫైలు. రంగు ముదురుది తీసుకోండి, మీద ఏ మాటలూ రాసి ఉండకూడదు. జేబు ప్లాస్టిక్ చూసి కొనండి. మెత్తగా, జిగటగా, ఘాటు వాసన వచ్చేవి పి.వి.సి.వి. ఎండాకాలం బండి డిక్కీలో పెడితే జిరాక్స్ అక్షరాలు ఆ ప్లాస్టిక్‌కు అంటుకొని, కాగితం లాగితే సిరా పొర ఊడివస్తుంది. కొంచెం గరుకుగా, చప్పుడు చేసే పాలీప్రొపిలీన్ జేబులకు ఆ బెడద లేదు. ఫైలుకు వందలోపు అయితే, మిగిలినవి జిరాక్సుకు, ఎనిమిది పాస్‌పోర్టు ఫొటోలకు, ఒక చిన్న నోట్‌బుక్కుకు సరిపోతాయి.

ఫైలు ఖాళీగానే ఇవ్వాలి. వాళ్ల కాగితాలు మీరు అడిగి తెచ్చుకొని నింపితే అది సోదా చేసినట్టు ఉంటుంది. ఇచ్చేటప్పుడు, "శనివారం నేను ఖాళీ, జిరాక్స్ కాడికి పోతున్న, నీ కాయితాలు కూడ తెచ్చుకో" అంటే చాలు. "ఏమన్న కావాలంటే చెప్పు" అనేది అడిగే భారాన్ని వాళ్లమీద వేస్తుంది, ఎవరూ అడగరు.

ఆ శనివారం గంటన్నరలో జేబుల్లో పడాల్సినవి ఇవి. ముందు రెజ్యూమె రెండు కాపీలు. తర్వాత ఆఫర్ లెటర్, రిలీవింగ్ లెటర్, చివరి మూడు నెలల పేస్లిప్పులు, ఫారం 16. ఆ తర్వాత పదో తరగతి మెమో నుంచి డిగ్రీ దాకా, చివరికి ఆధార్, పాన్. అన్నీ జిరాక్సులే, అసలువి ఇంట్లోనే. అసలు సర్టిఫికెట్లకు లామినేషన్ వేయించకండి, వెరిఫికేషన్‌లో సీలు తడిమి చూసే దారి మూసుకుపోతుంది.

ఇక్కడ బయటపడే చిక్కులు రెండు. పేస్లిప్పులు కంపెనీ మెయిల్లోనే ఉండిపోయాయని, ఆ మెయిల్ మూతపడిందని అప్పుడు తెలుస్తుంది. అలాగైతే అదే రోజు సొంత మెయిల్ నుంచి హెచ్‌ఆర్‌కు అడగాలి, నెలలు గడిచేకొద్దీ జవాబు దొరకడం కష్టం. రెండోది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్‌లో ఇంకో వరసలో ఉంటుంది. కొత్త కంపెనీ వెరిఫికేషన్‌లోనూ, పీఎఫ్ దగ్గరా ఈ తేడాకే పని ఆగుతుంది. మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి ఒకసారి చదివితే తేలిపోతుంది.

పీఎఫ్ సంగతి కూడా ఆ రోజే చూసుకోవచ్చు. సభ్యుల పోర్టల్లో `View` కింద `Service History` తెరిస్తే పాత కంపెనీకి ఎదురుగా ఎగ్జిట్ తేదీ ఉందో లేదో కనబడుతుంది. లేకపోతే బదిలీ గానీ, మొత్తం డబ్బు తీసుకోవడం గానీ ముందుకు కదలదు. కంపెనీ వేయకుంటే `Manage` కింద `Mark Exit`లో సభ్యుడే వేసుకోవచ్చు, కానీ చివరి జమ నెల తర్వాత రెండు నెలలు గడవాలి. మన దోస్తుకు చివరి జమ జూన్ నెలది అయితే సెప్టెంబర్ మొదట్లో చూడాలి. తేదీ మాత్రం జూన్‌లోనిదే వేయాలి. ఓటీపీ ఆధార్‌కు జతైన నంబరుకు వస్తుంది. కంపెనీ ఇచ్చిన సిమ్‌ను జత చేసుకొని, దాన్ని తిరిగి ఇచ్చేసి ఉంటే ముందు ఆ నంబరు మార్పించుకోవాలి.

నోట్‌బుక్కులో గీతలు గీసి, తేదీ, కంపెనీ, మాట్లాడిన మనిషి, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేయాలి అని నాలుగు గళ్లు పెట్టి ఇవ్వండి. రాసుకున్నవి చూపించమని అడగకండి. వారం తర్వాత కలిస్తే, "ఏమైంది, వచ్చిందా?" అనకుండా తోట గురించి, క్రికెట్ గురించి మాట్లాడండి. సెప్టెంబర్ మొదటి వారం పీఎఫ్ అని రాసిన చీటీ ఫైలు ఆఖరి జేబులో ఉంటుంది, దాన్ని అతడే తీసుకుంటాడు.