లాక్టోమీటర్ చాలా కాలంగా వాడుతున్నా, అది ఏం చెప్తుంది ఏం చెప్పదు

మాది తెనాలి దగ్గర పల్లెటూరు, ఇంటికి గేదె పాలు పోయించుకుంటాం. పాలల్లో తేల్చి వాటి సాంద్రత చూసే గాజు గొట్టం, అదే లాక్టోమీటర్, కొన్నప్పటి నుంచీ వాడుతూనే ఉన్నా కాబట్టి కొందామనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. ముందు ఒకటి, పైన నీళ్ళకి డబ్ల్యూ, కింద పాలకి ఎం అని గుర్తులు మాత్రమే ఉండే చవక రకం తీసుకోవద్దు, అది ఉజ్జాయింపు మాత్రమే. 15 నుంచి 40 దాకా అంకెలున్న రకం తీసుకోండి, దానిమీద ఎన్ని డిగ్రీల వేడికి తయారుచేశారో కూడా రాసుండాలి. నాది 27 డిగ్రీలది.

రీడింగ్ అంటే ఏం లేదు, 30 చూపిస్తే ఆ పాల సాంద్రత 1.030 అన్నమాట, ఉప్పు నీళ్ళల్లో గుడ్డు తేలినట్టు పాలు బరువైన కొద్దీ గొట్టం పైకి తేలుతుంది. మా గేదె పాలు మామూలుగా 29, 30 మధ్య చూపిస్తాయి. పితికిన వెంటనే చూస్తే తక్కువ చూపిస్తుంది, నురగా గాలి బుడగలూ ఉంటాయి కదా, అందుకే అరగంటన్నా ఆగాలి. ఫ్రిజ్‌లో పాలైతే కొవ్వు గట్టిపడి ఉంటుంది కాబట్టి 40 డిగ్రీల దాకా గోరువెచ్చగా చేసి మళ్ళీ చల్లార్చి చూడాలి. పాలు 27 కంటే వేడిగా ఉంటే డిగ్రీకి సుమారు 0.2 కలుపుకోవాలి, అంటే 32 డిగ్రీల పాలు 28 చూపిస్తే అసలు లెక్క 29. జార్ నిండుగా పోసి, గొట్టం గోడకి తగలకుండా వదిలి, పాలు గొట్టాన్ని అంటుకున్న పై అంచు దగ్గర చదవాలి.

ఇంతవరకూ పనిముట్టు బాగానే పని చేస్తుంది. ఉత్తి నీళ్ళు కలిపితే పట్టేస్తుంది కూడా, 30 ఉన్న పాలల్లో పదో వంతు నీళ్ళుంటే 27కి దిగుతుంది. కానీ 30 చూపించింది కాబట్టి స్వచ్ఛమైన పాలే అని తీర్మానించేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ అంకెలో రెండు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ప్రోటీన్, లాక్టోజ్, లవణాలు పాలని బరువు చేస్తాయి, వెన్న తేలిక చేస్తుంది.

ఈ లెక్క చూడండి. 6 శాతం ఫ్యాట్ ఉన్న గేదె పాలు 30 చూపిస్తున్నాయనుకుందాం. వాటిని సెపరేటర్‌లో వేసి వెన్నంతా లాగేస్తే మిగిలిన పాలు 38 దాకా ఎక్కుతాయి, తేలికైన భాగం పోయింది కదా. ఇప్పుడు లీటరుకి పావు లీటరు నీళ్ళు పోస్తే మళ్ళీ 30 దగ్గరికే వచ్చి నిలబడుతుంది. వెన్న పోయింది, నీళ్ళొచ్చాయి, అంకె మాత్రం మారలేదు! నీళ్ళ పాలల్లో పంచదార వేసినా అంతే, 27కి పడిపోయినవి లీటరుకి రెండు చిన్న చెంచాలతో 30కి లేస్తాయి. ఉప్పు, యూరియా కూడా సాంద్రతని పెంచేవే.

ఇంకో వైపు నిజాయితీగా పోసేవాళ్ళు మాట పడతారు, నాకు ఇదే ఎక్కువ బాధ. పితికేటప్పుడు మొదటి ధారలు పల్చగా ఉంటాయి, ఆఖరి ధారల్లో వెన్న ఎక్కువ, ఆ చిక్కటి పాలే లాక్టోమీటర్‌లో తక్కువ చూపిస్తాయి. సుమారుగా ఫ్యాట్ ఒక శాతం పెరిగితే రీడింగ్ ఒకటి తగ్గుతుంది. మా పాలాయన ఒకసారి ఆఖరున పితికినవి విడిగా పోస్తే 27 దాటలేదు, కానీ కాచాక మీగడ మందంగా కట్టింది. జున్నుపాలైతే స్కేలు మీద 40 కూడా దాటిపోతాయి.

అందుకే పాల కేంద్రాల్లో ఫ్యాట్ కూడా చూస్తారు. రీడింగ్‌ని 4తో భాగించి, దానికి ఫ్యాట్‌లో పావు వంతు, ఇంకో 0.44 కలిపితే ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న కాకుండా పాలల్లో ఉండే మిగతా ఘనపదార్థాల శాతం వస్తుంది. పైన చెప్పిన మంచి పాలకి 7.5, 1.5, 0.44 కలిసి 9.44. వెన్న తీసి నీళ్ళు పోసినదానికి ఫ్యాట్ దాదాపు సున్నా కాబట్టి 8 దగ్గరే ఆగిపోతుంది, గేదె పాలకి కనీసం 9 ఉండాలని నిబంధన. అంటే 30 అనే అంకె దాచిన సంగతి ఫ్యాట్ టెస్ట్‌తో బయటపడిపోయింది. పంచదార, యూరియా లాంటివి మాత్రం ఈ లెక్కకి కూడా దొరకవు, పైగా ఎస్‌ఎన్‌ఎఫ్ ఎక్కువున్నట్టే చూపిస్తుంది, వాటికి విడి టెస్టులు చేయించాలి.

నేను ఇప్పుడు దీన్ని ఒకే ఇంటి పాలని నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చుకోవడానికే వాడతా. ఒకే పూట, ఒకే వేడిలో చూస్తా. ఒక్కసారిగా రెండు మూడు అంకెలు తేడా వస్తే, పైకైనా కిందికైనా, పాలాయన్ని నిలదీయను, చిన్న సీసాలో ఆ పాలు పట్టుకుని కేంద్రానికెళ్ళి ఫ్యాట్ చూపిస్తా.