పది పేజీల రిపోర్టుని రెండు పేజీలు చేసిస్తాం అనేవాళ్ళకి డబ్బులు కట్టేముందు ఇది చదవండి

బోర్డు మీటింగ్ అయ్యి ఇంకా రెండు రోజులే అయింది, కోపం తగ్గలేదు, రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు. ఎవరో పేరు రాయను గానీ, ఫ్రీలాన్స్ సైట్లో రిపోర్ట్ సమ్మరీ పనికి వెతికితే మొదటి వరసలోనే కనిపిస్తాడు, "సీఈఓలు చదివేలా రాస్తాం, 24 గంటల్లో" అని పెట్టుకున్న ఆ ప్రొఫైలే. 6,500 కట్టా. డబ్బు పోతే పోయింది, మూడు నెలల పని ఒక్క పూటలో పోయింది, అదీ బాధ.

నేను పాల డెయిరీలో క్వాలిటీ చూస్తా. ఎండాకాలంలో షాపుల నుంచి పులిసిపోయిన, కాస్తే విరిగిపోయిన పాల ప్యాకెట్లు వెనక్కి వస్తుంటే, వ్యాన్లన్నీ పాతవైపోయాయి, ఏసీ యూనిట్లు పెట్టించాలి అని అందరూ ఒకటే మాట. 18 వ్యాన్లకీ కలిపి కోటి పైన ఖర్చు. నాకు అనుమానం వచ్చి టెంపరేచర్ లాగర్లు పెట్టించా, మూల క్రేటులో ప్యాకెట్ల మధ్యన ఒకటి, మధ్య క్రేటులో ఒకటి. కోల్డ్ రూమ్ నుంచి పాలు 4 డిగ్రీల దగ్గర బయటకొస్తున్నాయి. లోడింగ్ డాక్ మీద క్రేట్లు సుమారు 50 నిమిషాలు అలా ఎండ వేడికి నిలబడిపోతున్నాయి, వ్యాన్ తలుపు మూసేసరికి మూల క్రేటులో 9 చూపిస్తోంది. ఆ తర్వాత మూడు గంటల ప్రయాణంలో పెరిగేది 2 డిగ్రీలే. అంటే తప్పు వ్యాన్లది కాదు, డాక్‌ది. డాక్‌ని మూసేసి, కోల్డ్ రూమ్ నుంచి నేరుగా వ్యాన్‌లోకి రోలర్ల మీద క్రేట్లు వెళ్ళేలా చేస్తే 14 లక్షల్లో అయిపోయే పని. జూన్‌లో కొన్ని వ్యాన్లకి క్రేట్లు డాక్ మీద నిలబెట్టకుండా లోడ్ చేసి ట్రయల్ కూడా చూశా.

ఇదంతా పది పేజీలు రాశా. మా ప్లాంట్ హెడ్ గారు "బోర్డు వాళ్ళు పది పేజీలు చదవరమ్మా, రెండు పేజీలు చేసి సోమవారానికి పంపు" అన్నారు. నాకేమో ఆడిట్ నెత్తి మీదుంది, అందుకే ఇతనికి ఇచ్చా. ఇవ్వడం నా తప్పు, వచ్చాక అక్షరం అక్షరం పోల్చి చూస్కోకుండా పంపేయడం అంతకన్నా పెద్ద తప్పు, ఒప్పుకుంటున్నా.

చూడ్డానికి ఎంత బాగుందో. పెద్ద అక్షరాల్లో "రిటర్నులు 56 శాతం తగ్గాయి" అని పైన, కింద ఒక రంగుల బార్, పక్కన చిన్న వ్యాన్ బొమ్మ. చదివితే హాయిగా సాగిపోతుంది. నేనూ దానికే పడిపోయా.

మీటింగ్‌లో ఎండీ గారు మొదటి పేజీ చూసి ఒకే ఒక్క ప్రశ్న వేశారట (నన్ను లోపలికి పిలవలేదు, ప్లాంట్ హెడ్ గారు వచ్చి చెప్పారు). "మేలో కొలిచారు, జూన్‌లో ట్రయల్ చేశారు, మధ్యలో వానలు పడ్డాయి కదా, చల్లబడితే రిటర్నులు వాటంతటవే తగ్గవా?" అని. చాలా సరైన ప్రశ్న, నేనైనా అదే అడుగుతా. దానికి జవాబు నా రిపోర్టు ఆరో పేజీలో ఉంది! ట్రయల్ పెట్టింది 6 వ్యాన్లకే, మిగతా 12 వ్యాన్లు అదే జూన్‌లో, అదే వానల్లో, పాత పద్ధతిలోనే లోడ్ అయ్యాయి. మార్చిన 6 వ్యాన్లలో వెయ్యి ప్యాకెట్లకి 16 వెనక్కి వచ్చేవి 7 అయ్యాయి. మార్చని 12 వ్యాన్లలో 15 వచ్చేవి 14 అయ్యాయి, అంతే. అంటే వాన వల్ల తగ్గింది ఒకటి, డాక్ వల్ల తగ్గింది ఎనిమిది. మొత్తం రిపోర్టుకి ప్రాణం ఆ 12 వ్యాన్ల లైనే. అతను దాన్ని తీసేశాడు. 16 నుంచి 7 కి వచ్చింది కాబట్టి 56 శాతం అని లెక్క కట్టి, ఆ 16 ఏంటో 7 ఏంటో కూడా లేకుండా శాతం ఒక్కటి మిగిల్చాడు. వెయ్యికి 16 అంటే ఎంత సమస్యో, 7 అంటే ఇంకా ఎంత మిగిలి ఉందో చదివేవాళ్ళకి తెలిసే దారే లేదు.

రెండో దెబ్బ దీనికన్నా గట్టిది. ట్రయల్ చేసిన 6 వ్యాన్లూ టౌన్ చుట్టుపక్కల రూట్లవి. 90 కిలోమీటర్లు దాటి వెళ్ళే 4 వ్యాన్లలో ఈ మార్పు చాలదేమో, వాటికి విడిగా చూడాలి అని ఎనిమిదో పేజీలో నేనే స్పష్టంగా రాశా. అదీ ఎగిరిపోయింది. దానికి తోడు "డాక్ దగ్గర ఆలస్యమే ప్రధాన కారణంగా కనిపిస్తోంది" అన్న నా వాక్యం "డాక్ ఆలస్యమే కారణమని నిరూపితమైంది" అయ్యింది. సేల్స్ డైరెక్టర్ గారికి దూరం రూట్లు బాగా తెలుసు, ఆయన "మరి ఆ నాలుగు బళ్ళ సంగతేంటి, కావాలని దాచారా?" అన్నారట. దాచారా అని. పదకొండేళ్ళ సర్వీసులో నన్ను ఎవరూ అనని మాట అది. ఫైలు పక్కన పెట్టేశారు, వ్యాన్ల ఏసీ కొటేషన్లు మళ్ళీ తెప్పించమన్నారు.

సాయంత్రం అతనికి ఫోన్ చేశా. ఆ 12 వ్యాన్ల లైన్ ఎందుకు తీశారండీ అంటే, "మేడం, రెండు పేజీలంటే ఏదో ఒకటి పోవాలి కదా, పెద్దోళ్ళకి మెయిన్ నంబర్ చాలు, మార్పు లేని బళ్ళ గురించి వాళ్ళకెందుకు?" అన్నాడు. మార్పు లేని బళ్ళ వల్లే మార్పు తెలిసేది అని చెప్తుంటే, "మీరు ఫైనల్ ఓకే కొట్టాక మా బాధ్యత ఉండదు" అని పెట్టేశాడు. ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయా. రిపోర్టు చదవకుండా చేశాడంటే ఎలాగో సరిపెట్టుకునేదాన్ని, చదివాడు, చదివి ఆ లైన్ అనవసరం అని నిర్ణయించుకున్నాడు.

ఇలాంటిది చిన్న విషయం అనుకునేవాళ్ళు కొలంబియా షటిల్ సంగతి గుర్తు చేసుకోండి, 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు పోయారు. షటిల్ ఇంకా పైనుండగానే, రెక్కకి తగిలిన ఫోమ్ ముక్క గురించి ఇంజనీర్లు నాసా మేనేజర్లకి స్లైడ్లు చూపించారు. ఒక స్లైడ్ హెడ్డింగ్ చదివితే పాత టెస్టుల ప్రకారం భయం లేదేమో అనిపిస్తుంది. అదే స్లైడ్‌లో అడుగున, చిన్న అక్షరాల్లో, ఫోమ్ ముక్క 1920 క్యూబిక్ ఇంచీలు, టెస్టులో వాడింది 3 క్యూబిక్ ఇంచీలు అని ఉంది. అంటే 640 రెట్లు తేడా, ఆ టెస్టు ఇక్కడ పనికొస్తుందో లేదో తేల్చే మాట అదొక్కటే. ప్రమాదం మీద వేసిన దర్యాప్తు బోర్డు ఆ స్లైడ్‌ని తన రిపోర్టులో ప్రత్యేకంగా తప్పుపట్టింది. అక్కడ ఆ లైన్ కనీసం అడుగునైనా ఉంది, నా దాంట్లో అదీ లేదు.

నిన్న రాత్రి కూర్చుని నేనే మళ్ళీ చేశా, నాలుగు గంటలు పట్టింది. ముందు పది పేజీల్లో నేను చెప్పిన ఒక్కో మాటా ఒక కాగితం మీద రాసుకుని, దాని ఎదురుగా ఏ ఆధారం మీద చెప్తున్నానో, అది ఏ పేజీలో ఉందో రాశా. తర్వాత ఒక్కో ఆధారాన్ని వేలితో మూసి, ఇది లేకపోతే ఎండీ గారు అడిగే ఏ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉండదు అని చూసుకున్నా. 12 వ్యాన్ల లైన్ మూస్తే వాన ప్రశ్న నిలబడిపోతుంది, కాబట్టి అది ఉండాలి. దూరం రూట్ల మాట మూస్తే 4 వ్యాన్ల ప్రశ్న నిలబడిపోతుంది, అదీ ఉండాలి. వ్యాన్ వ్యాన్‌కీ వేసిన 18 గ్రాఫులు మూస్తే ఏ ప్రశ్నా రావట్లేదు, అవి మొత్తం పోయాయి, మూడు పేజీలు అక్కడే తగ్గాయి. లాగర్లని ట్రయల్‌కి ముందూ తర్వాతా ఐసు నీళ్ళలో పెట్టి 0 చూపిస్తున్నాయో లేదో చూసిన కథ ఒక పేజీ ఉండేది, అది ఒక్క లైన్ అయ్యింది, పూర్తిగా తీయలేదు, ఎందుకంటే "మీ మీటర్లు కరెక్టేనా" అని ఎవరో ఒకరు అడుగుతారు. సమస్య ఎలా మొదలైంది, ఎవరు ఎప్పుడు మెయిల్ పెట్టారు, ఆ రెండు పేజీలూ తీసేశా.

ఇప్పుడు మొదటి పేజీ పైన అడిగేది ఒకే వాక్యంలో ఉంది: డాక్ మూయడానికి, రోలర్లకి 14 లక్షలు మంజూరు చేయండి, వ్యాన్ల ఏసీ ఖర్చు 14 వ్యాన్లకి ఆపండి, దూరం రూట్ల 4 వ్యాన్ల మాట విడిగా తేలుద్దాం. దాని కిందే 16, 7, 15, 14, నాలుగే అంకెల పట్టిక, శాతాలు లేవు. ఆ కింద వాన మాట ఒక వాక్యం. టెంపరేచర్ ఎక్కడ ఎంత పెరిగింది అన్నది, ఖర్చుల పోలిక రెండో పేజీకి వెళ్ళాయి. ప్రతి అంకె పక్కనా పూర్తి రిపోర్టులో పేజీ నంబర్ వేశా, అనుమానం వచ్చినవాళ్ళు తీసి చూస్కుంటారు. "కనిపిస్తోంది" అన్నచోట "కనిపిస్తోంది" అనే ఉంచా.

ఎవరికైనా ఇచ్చేట్టయితే మాత్రం ఏం తీసేశారో లిస్టు రాసిమ్మని ముందే అడగండి, ఇవ్వనంటే డబ్బు కట్టకండి. ఓకే కొట్టేముందు మీ ఒరిజినల్ పక్కన పెట్టుకుని "తో పోలిస్తే", "తప్ప", "మాత్రమే", "ఉండొచ్చు" అన్న మాటలున్న వాక్యాలు ఏమయ్యాయో వెతకండి, మొదట కోసేది అవే. నేను ఓకే కొట్టేశాను కాబట్టి సైటు వాళ్ళు రిఫండ్ కుదరదన్నారు. ప్లాంట్ హెడ్ గారు కొత్త రెండు పేజీలు ఇవాళ పొద్దున తీసుకున్నారు, ఎండీ గారి టేబుల్ మీద మళ్ళీ పెట్టడానికి ప్రయత్నిస్తానన్నారు గానీ ఎప్పుడో చెప్పలేదు.