ముఖం మార్చే పనిలో సూరత్ సెల్ఫీ ఎందుకు అతకదు

బరంపురం వైపు పెళ్లిళ్లలో స్టూడియోలకు తరచూ వచ్చే పని ఒకటుంది. సూరత్ మిల్లులో సెలవు దొరకని పెద్దకొడుకుని కుటుంబం ఫొటోలో చేర్చాలి. అదే ఒడ్డూపొడుగూ ఉన్న పిన్ని కొడుకుని అతని చోట నిలబెట్టి ఫొటో తీసి, తర్వాత పెద్దకొడుకు సూరత్ నుంచి పంపిన సెల్ఫీ తీసుకుని, FaceFusion అనే సాఫ్ట్‌వేర్‌లో inswapper_128 మోడల్‌తో ముఖం మారుస్తారు. ఇద్దరూ సరేనంటేనే ఈ పని ఒప్పుకోవాలి. చాలాకాలం వాడాక చెప్పగలిగేది, ఇక్కడ సెట్టింగులకన్నా ఫొటో ఎంపికే ముఖ్యమని.

ఈ సాఫ్ట్‌వేర్ కళ్లు, ముక్కు కొన, నోటి మూలలు చూసి ముఖాన్ని నిటారుగా తిప్పి, 128 పిక్సెళ్ల చదరంలోకి సరిపెడుతుంది. కాబట్టి తల భుజం మీదికి వాలినా ఇబ్బంది లేదు. పక్కకు తిరిగితేనే చిక్కు. తల ఎటు తిరిగింది, నోరు ఎలా ఉంది అన్నవి నిలబడిన మనిషి నుంచి వస్తాయి, సెల్ఫీ ఇచ్చేది పోలికలు మాత్రమే. నేరుగా తీసిన సెల్ఫీలో ముక్కు దూలం ఎత్తు, బుగ్గ లోతు సరిగా తెలియవు. తెలియనిదాన్ని మోడల్ ఊహించి గీస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ముక్కు కొన నుంచి ఒక్కో కంటి బయటి మూలకు అడ్డంగా కొలవండి. పెళ్లికూతురి వైపు తిరిగిన పిన్ని కొడుక్కి 60, 30 పిక్సెళ్లు వచ్చాయి, అంటే రెండింతలు. సెల్ఫీలో 48, 46, దాదాపు సమానం. ఇలాంటి జతలో అవతలి కన్ను మసకబారి, ముక్కు పక్క గీత చదునుగా తేలుతుంది. చూసినవాళ్లు "మనవాడిలా ఉన్నాడు గానీ మనవాడు కాడు" అంటారు. పెద్దకొడుకు తన గదిలోని స్నేహితుడి చేత ఆరడుగుల దూరం నుంచి, అటే తిరిగి తీయించిన ఫొటోలో 80, 42 వచ్చాయనుకోండి, అది సరిపోతుంది. దూరం కూడా అవసరమే, దగ్గరగా తీసిన సెల్ఫీలో ముక్కు పెద్దదవుతుంది.

ముఖకవళికలదీ ఇదే తంతు. సెల్ఫీలో పళ్లు కనిపించేలా నవ్వితే బుగ్గలు పైకి లేచి కళ్లు చిన్నవవుతాయి. మోడల్ వాటిలో కొంత మనిషి పోలికగానే తీసుకుంటుంది. నోరు మూసుకున్న ముఖం మీద ఆ పోలిక పడితే నవ్వు బిగబట్టినట్టు కనిపిస్తుంది. ముఖాన్ని స్పష్టం చేసే ఎన్‌హాన్సర్ ఈ తేడాను తీయదు, ఇంకా తేటగా చూపిస్తుంది.

జుట్టు, చెవులు, దవడ అంచు నిలబడిన మనిషివే ఉంటాయి. అతను కళ్లు మూసుకుని ఉంటే మార్చిన ముఖానికీ కళ్లు మూసే ఉంటాయి. అప్పుడు దీనితో కుస్తీ పట్టకుండా అదే వరుసలో తీసిన మరో ఫ్రేమ్ వాడటమే నయం.