అడ్రినలిన్ పెన్నులు కొనేవారికి హెచ్చరిక: ఫార్మసీ లేబుల్ మీది తేదీని నమ్మకండి

వేరుశనగ అలర్జీ ఉన్న మా అబ్బాయి కోసం, టెక్సాస్‌లోని మా ఇంటికి మందులు పోస్టులో పంపే ఒక ఫార్మసీ నుంచి ఈ జులైలో 0.15 మిల్లీగ్రాముల అడ్రినలిన్ పెన్నుల జత తెప్పించాము. అలర్జీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు తొడలోకి మందు ఎక్కించే సూది పెన్నులివి. పెట్టె మీద ఫార్మసీ అంటించిన తెల్ల లేబుల్ వచ్చే ఏడాది జులై వరకు వాడుకోవచ్చని చెబుతోంది. పెన్నులను బయటికి తీసి చూస్తే, వాటి ఒంటి మీద తయారీదారు ముద్రించిన గడువు ఈ అక్టోబరుతోనే ముగుస్తోంది. పెట్టె మీద కూడా అదే తేదీ ఉంది, కానీ లేబుల్ సరిగ్గా దాని మీదే అంటుకుని ఉంది. చాలా ఫార్మసీలు మందు ఇచ్చిన రోజు నుంచి ఏడాది లెక్కగట్టి లేబుల్ మీద తేదీ వేస్తాయి. అసలు గడువుతో దానికి సంబంధం ఉండదు. కాబట్టి పెన్ను మీది తేదీనే ప్రమాణంగా తీసుకోండి. అక్కడ నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు వరకు గడువు ఉన్నట్టు.

అంతకంటే నన్ను కలవరపెట్టింది పెన్ను పక్కనున్న చిన్న కిటికీ. తెల్ల కాగితం ముందు పట్టుకుని చూస్తే, నీళ్లలా తేటగా ఉండవలసిన మందు పలుచటి టీ రంగులో కనిపించింది. వేడికి, వెలుతురుకు అడ్రినలిన్ ఆక్సీకరణ చెంది గులాబీ రంగుకో గోధుమ రంగుకో తిరుగుతుంది. 20 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచవలసిన మందు మండుటెండలో మా గుమ్మం ముందు పడి ఉంది, దారిలో ఎంత వేడి తగిలిందో తెలియదు. మసకగా ఉన్నా, లోపల నలకలు తేలుతున్నా కూడా ఆ పెన్నును మార్చవలసిందే. తేటగా ఉన్నంత మాత్రాన మందు బలం తగ్గలేదని అనుకోకండి, అందుకే తేదీ, కిటికీ రెండూ చూడాలి. అయితే ప్రాణాపాయ సమయంలో చేతిలో గడువు దాటిన పెన్ను ఒక్కటే ఉండి, మందు తేటగా ఉంటే, వాడకుండా ఆగవద్దని, వెంటనే 911కు ఫోన్ చేయాలని అలర్జీ వైద్యులు చెబుతారు.

మూడో విషయం, వాడే విధానం. మాకు ముందు ఉన్నది ఎపిపెన్: నీలం మూత తీసి, నారింజ కొనను తొడ బయటి వైపు మధ్యలో గట్టిగా నొక్కి 3 సెకన్లు ఉంచాలి. ఈసారి మాకు చెప్పకుండానే పంపిన మరో రకానికి 1, 2 అంకెలున్న రెండు మూతలు తీయాలి, ఎర్ర కొనను నొక్కి 10 సెకన్లు పట్టుకోవాలి. పాత పద్ధతికి అలవాటుపడిన చెయ్యి రెండో మూత తీయకుండానే నొక్కే ప్రమాదం ఉంది. పైగా పేరు, డోసు ఉన్న మరో చిన్న లేబుల్‌ను ఫార్మసీవారు పెన్ను మీది బొమ్మల సూచనల మీదే అడ్డంగా అంటించారు.

లేబుల్ తేదీ చూపించి మొదట మార్చబోమన్నారు. పెన్ను మీది గడువు, కిటికీ స్పష్టంగా కనిపించే ఫోటోలు పంపాకే ఒప్పుకున్నారు. ఇకమీదట మేము కౌంటర్ దగ్గరే పెట్టె తెరిపించి, గడువు కనీసం ఏడాది ఉందో లేదో, మందు తేటగా ఉందో లేదో చూశాకే తీసుకుంటాము. రకం మారితే బడిలోని నర్సుకు అదే రోజు చెప్పి, సూది, మందు లేని శిక్షణ పెన్ను ఒకటి అడిగి తీసుకుంటాము.