ఆకస్మిక నిధి ఎంత ఉండాలి: శాతమా, సగటా, భరోసా స్థాయా?

బడ్జెట్‌లో ఆకస్మిక నిధి ఎంత చూపించాలి, బోర్డు దాన్ని తగ్గించమంటే ఏమని సమాధానం చెప్పాలి అని ఆర్థిక బాధ్యతలు చూసే మిత్రులు తరచుగా అడుగుతుంటారు. ఇక్కడ మాట్లాడుతున్నది ముందుగా గుర్తించగలిగిన రిస్కుల కోసం ప్రాజెక్టు బడ్జెట్‌లోనే ఉంచే నిధి గురించి మాత్రమే. ఎవరూ ఊహించని వాటి కోసం యాజమాన్యం తన చేతిలో ఉంచుకునే రిజర్వు వేరు, ఈ రెండింటినీ కలిపి అడిగితే చర్చ మొదట్లోనే దారి తప్పుతుంది.

నిధి పరిమాణాన్ని తేల్చడానికి వాడుకలో మూడు పద్ధతులు ఉన్నాయి. మొత్తం అంచనాపై ఒక శాతం వేయడం మొదటిది. ఒక్కొక్క రిస్కు జరిగే అవకాశాన్ని దాని ఖర్చుతో గుణించి, వచ్చిన వాటిని కూడడం రెండవది. ఎంత మొత్తం పెడితే ఎంత భరోసా వస్తుందో, అంటే అది సరిపోయే అవకాశం ఎంతో లెక్కగట్టి, ఆ భరోసా స్థాయిని ఎంచుకోవడం మూడవది. ఈ మూడింటినీ ఒకే ఉదాహరణపై పెట్టి చూద్దాం.

ఒక సంస్థ తన కార్యాలయానికి 200 లక్షల అంచనాతో కొత్త విభాగం కట్టుకుంటోందనుకుందాం. రిస్కుల జాబితాలో ఐదు ఉన్నాయి. ఉక్కు, సిమెంటు ధరలు పెరిగే అవకాశం 40 శాతం, పెరిగితే పడే భారం 15 లక్షలు. కాంట్రాక్టర్ ఆలస్యం చేసే అవకాశం 30 శాతం, భారం 20 లక్షలు. అనుమతుల దగ్గర నక్షా మార్చవలసి వచ్చే అవకాశం 25 శాతం, భారం 12 లక్షలు. పాత భవనంలోని విద్యుత్ లైన్లు పూర్తిగా మార్చవలసి వచ్చే అవకాశం 20 శాతం, భారం 10 లక్షలు. నేల బలహీనంగా ఉండి పైల్ పునాది వేయవలసి వచ్చే అవకాశం 10 శాతమే గాని, భారం మాత్రం 40 లక్షలు.

పది శాతం వేస్తే నిధి 20 లక్షలు అవుతుంది. ఈ పద్ధతిలో ఉన్న సుళువు ఒక్కటే, లోపం కూడా అదే: పది ఎందుకు, ఏడు ఎందుకు కాకూడదు అని సభ్యుడొకరు అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. బేరం మొదలవుతుంది, ఏడు దగ్గర ముగుస్తుంది. మరుసటి ఏడాది అంచనా వేసేవారు బేరాన్ని దృష్టిలో పెట్టుకుని పదమూడు అడుగుతారు.

రెండవ పద్ధతిలో పై ఐదింటి లెక్క వరుసగా 6, 6, 3, 2, 4 వస్తుంది, మొత్తం 21 లక్షలు. రిస్కుల పేర్లు, వాటి అవకాశాలు కళ్లముందు ఉంటాయి కాబట్టి ఇది శాతం కంటే ఎంతో గౌరవప్రదమైన లెక్క, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అయితే 21 అనేది సగటు. ఇలాంటి ప్రాజెక్టులు వంద చేస్తే ఒక్కొక్కదానికి సగటున పడే భారం అది. బోర్డు ముందున్నది వంద కాదు, ఒక్క ప్రాజెక్టు. ఐదు రిస్కులూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుని, జరగగల 32 కలయికలనూ వరుసగా రాసి చూస్తే, 21 లక్షల నిధి సరిపోయే అవకాశం 61 శాతం మాత్రమే. 20 లక్షలకు కూడా సరిగ్గా అంతే. అంటే ఈ ఉదాహరణలో శ్రమపడి వేసిన సగటు, ఊరికే వేసిన శాతం కంటే ఎక్కువ రక్షణ ఇవ్వలేదు.

సగటులోని మరో చిక్కు నేల రిస్కు దగ్గర బయటపడుతుంది. దాని కింద పెట్టిన 4 లక్షలు ఏ పరిస్థితికీ సరైన మొత్తం కాదు. నేల బాగుంటే అవి అక్కర్లేదు, బాగాలేకపోతే అవి పదో వంతుకే వస్తాయి. అరుదుగా వచ్చి అంతటినీ ముంచే రిస్కును ఆకస్మిక నిధిలో ఉంచకపోవడమే మంచిది. పని మొదలుకాక ముందే 2 లక్షలతో పునాది కోసం చేసే నేల బలం పరీక్ష చేయించి, ఆ ఖర్చును అసలు బడ్జెట్‌లో చూపించాలి. ఫలితం ప్రతికూలమైతే ప్రాజెక్టు కొనసాగించాలా వద్దా అనే ప్రశ్న బోర్డు ముందుకే వెళ్లాలి.

మిగిలిన నాలుగు రిస్కులకు మూడవ పద్ధతిలో లెక్క వేస్తే 20 లక్షలకు 68 శాతం, 30 లక్షలకు 82 శాతం, 35 లక్షలకు 93 శాతం భరోసా వస్తుంది. దీనికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కొక్క రిస్కుకు ఒక నిలువు వరుస పెట్టి, మొదటి దానిలో ఇలా రాయాలి:

```
=IF(RAND()<0.4,15,0)
```

మిగిలిన మూడింటికీ వాటి అంకెలు వేసి, ఐదవ నిలువు వరుసలో మొత్తం కూడి, రెండు వేల అడ్డు వరుసల వరకు లాగితే, 90 శాతం భరోసాకు కావలసిన మొత్తం ఈ సూత్రంతో వస్తుంది:

```
=PERCENTILE(E1:E2000,0.9)
```

ఇందులో ఒక జాగ్రత్త అవసరం. ధరలు పెరిగిన కాలంలో కాంట్రాక్టర్లు సరుకు కోసం ఆగి పని ఆలస్యం చేయడం సహజం కాబట్టి, ఆ రెండు రిస్కులూ పూర్తిగా విడివిడివి కావు. ఆలస్యం జరిగిన పదిసార్లలో ఏడుసార్లు ధరలు కూడా పెరిగి ఉంటాయని అనుకుంటే, 30 లక్షల భరోసా 76 శాతానికి పడిపోతుంది, 35 లక్షలది మాత్రం 90 దగ్గర నిలబడుతుంది. కారణం తేలికగా చెప్పవచ్చు: 15, 20 కలిపితే 35, అంటే రెండు పెద్ద దెబ్బలూ ఒకేసారి తగిలినా తట్టుకునే మొత్తం అది. నేను బోర్డును 35 అడుగుతాను, ఈ ఒక్క వాక్యంతోనే అడుగుతాను.

నా దృష్టిలో తేల్చే అంశం ఇదే. “ఇరవై చాలదా అండీ?” అని సభ్యులు అడిగినప్పుడు, “చాలవచ్చునండి. కాని 35 ఉంటే అదనపు డబ్బు కోసం మళ్లీ మీ ముందుకు వచ్చే అవకాశం పదింట ఒకటి, 20 ఉంటే దాదాపు మూడింట ఒకటి. ఏది సమ్మతమో మీరు నిర్ణయించండి” అని చెప్పగలగాలి. శాతంతో గాని, సగటుతో గాని ఈ మాట చెప్పలేము. నిధి తగ్గించే హక్కు బోర్డుకు ఉంది, తగ్గించినప్పుడు తాము ఏ రిస్కును నెత్తిన వేసుకుంటున్నారో వారికి తెలియాలి, అది మినిట్స్‌లో నమోదు కావాలి.

పూర్తయిన పాత ప్రాజెక్టుల్లో అంచనాకు, అసలు ఖర్చుకు మధ్య తేడాలు చూసి నిధిని నిర్ణయించే నాలుగో దారి కూడా ఉంది. బ్రిటన్ ప్రభుత్వ గ్రీన్ బుక్ మార్గదర్శకాలు ఈ ఆలోచనతోనే అంచనాలను సవరించమంటాయి. సొంత రికార్డు తగినంత ఉన్న సంస్థలకు సరిచూసుకోవడానికి ఇది పనికివస్తుంది.

అడిగే ముందు మరొక పని చేయాలి. విభాగాల వారు తమ పద్దుల్లో నిశ్శబ్దంగా కలుపుకున్న అదనాన్ని తీసివేయాలి. కొటేషన్ 18 లక్షలు ఉన్న చోట బడ్జెట్‌లో 20 కనిపిస్తే, సభ్యులు దాన్ని పట్టుకున్న క్షణాన 35 లక్షల లెక్క మొత్తం అనుమానంలో పడుతుంది.

“ఉన్న డబ్బు ఎలాగూ ఖర్చయిపోతుంది” అనే అభ్యంతరానికి లెక్క సమాధానం కాదు, విడుదల నియమమే సమాధానం. జాబితాలోని ఏ రిస్కు జరిగిందో పేరు రాసి కోరితే తప్ప నిధి నుంచి డబ్బు తీయకూడదు, ఒక రిస్కు గడిచిపోగానే మళ్లీ లెక్క వేయాలి. ఉదాహరణకు ఉక్కు, సిమెంటు మొత్తం పాత ధరకే కొనేశాక, మిగిలిన మూడు రిస్కులకు 22 లక్షలతోనే 88 శాతం భరోసా ఉంటుంది. ఆ నెల నివేదికలోనే 13 లక్షలు తిరిగి బోర్డు అధీనంలోకి పంపించాలి.