వార్డులో ముందస్తు హెచ్చరిక స్కోరు: కొన్నేళ్లు వాడిన నర్సు అనుభవం

అమెరికాలో ఒక ఆసుపత్రిలో మెడికల్-సర్జికల్ వార్డు నర్సుని. పేషెంట్ పరిస్థితి విషమించబోతోందని ముందే చెప్పే మెషిన్ లెర్నింగ్ స్కోరును మా వార్డులో కొన్నేళ్లుగా వాడుతున్నాం. స్కోరు మంచిదే. దాన్ని మొదట్లో మా మీదకు వదిలిన పద్ధతి మాత్రం బాగాలేదు.

పల్స్, బీపీ, శ్వాస, ఆక్సిజన్, రక్తపరీక్షలు, వయసు, స్పృహ గురించి మేం రాసేది, ఇవన్నీ కంప్యూటర్ రికార్డులోంచి తీసుకుని ప్రతి 15 నిమిషాలకూ 0 నుంచి 100 లోపు ఒక అంకె చూపిస్తుంది. 60 దాటితే ఆ పేషెంట్‌ని చూసే నర్సు ఫోన్ మోగేది.

సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బున్న ఒక పేషెంట్ ఉండేవారు. ఆక్సిజన్ 89, శ్వాస నిమిషానికి 24. ఆ జబ్బుతో ఆయన ఇంట్లో ఉన్నా అంతే ఉంటుంది. స్కోరు 58, 61, 59, 62 అంటూ గీతకి అటూ ఇటూ ఊగేది, దాటినప్పుడల్లా ఫోన్. మందులిస్తూ చేతులు ఖాళీ లేనప్పుడు కూడా వెళ్లి చూసి, కారణం నొక్కి, అలర్ట్ మూసేయాలి. కొద్ది వారాలకే అందరం తెరవకుండానే మూసేయడం మొదలుపెట్టాం. ఇది నర్సుల బద్ధకం అని మేనేజర్లు అనుకున్నారు. నేను ఒప్పుకోను, ఎందుకంటే లెక్కే అలా ఉంది. 1000 మంది పేషెంట్లలో 30 మందికి నిజంగా విషమిస్తుందనుకోండి. మోడల్ వాళ్లలో 80 శాతం మందిని పట్టుకుని, బాగున్న 970 మందిలో 10 శాతం మందిని మాత్రమే పొరపాటున చూపించినా, నిజమైనవి 24, ఉత్తవి 97. అంటే ఐదు అలర్టుల్లో నాలుగు ఉత్తవే. పైగా ఇది ఒక పేషెంట్‌కి ఒక్కసారే మోగితే. మళ్లీ మళ్లీ మోగేవి దీనికి అదనం.

అసలు మోడళ్లు అంత బాగా పనిచేస్తాయన్న హామీ కూడా లేదు. ఆసుపత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్ చేసే ఎపిక్ కంపెనీకి, సెప్సిస్‌ను, అంటే ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రమాదకర స్థితిని, ముందే పసిగట్టే మోడల్ ఉంది. దాన్ని మిషిగన్ యూనివర్సిటీ ఆసుపత్రిలో పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. అడ్మిషన్లలో 18 శాతానికి అలర్ట్ వచ్చింది, అయినా సెప్సిస్ వచ్చినవాళ్లలో 67 శాతం మందిని పట్టుకోలేకపోయింది.

మా దగ్గర మార్పు వచ్చింది మోడల్‌లో కాదు, ఫోన్ ఎవరికి మోగుతుందన్న దగ్గర. ఇప్పుడు అలర్ట్ ముందు, పరిస్థితి దిగజారిన పేషెంట్ల దగ్గరికి వెంటనే వెళ్లే ర్యాపిడ్ రెస్పాన్స్ నర్సుకి వెళ్తుంది. ఆవిడ రికార్డంతా చదివి, అవసరమనిపిస్తేనే మాకు ఫోన్ చేస్తుంది. ఒకసారి చూసిన పేషెంట్‌కి, స్కోరు బాగా పెరిగితే తప్ప, కొన్ని గంటలు మళ్లీ మోగదు. ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ ఆసుపత్రులు ఇలాంటి ఏర్పాటే చేశాయి. అక్కడ దూరంగా కూర్చున్న నర్సుల బృందం ముందు రికార్డు చూస్తుంది. 21 ఆసుపత్రుల్లో మరణాలు తగ్గాయని 2020లో ప్రచురించారు.

నాకు ఈ స్కోరు మీద గౌరవం కలిగించింది పేగు ఆపరేషన్ అయిన ఒక పేషెంట్. రాత్రి పదింటికి ఆవిడ స్కోరు 27. రెండింటికి 38. నాలుగింటికి 49. గీత దాటలేదు కాబట్టి అలర్ట్ లేదు. కానీ గ్రాఫ్ ఎక్కుతూ ఉంది. తెరిచి చూస్తే శ్వాస 16 నుంచి 22కి, పల్స్ 88 నుంచి 112కి పెరిగాయి. బీపీ ఇంకా మామూలుగానే ఉంది. కడుపు ముట్టుకుంటే గట్టిగా తగిలింది. వెంటనే డాక్టర్‌ని పిలిచాను. పేగు కుట్టు దగ్గర లీకేజీ అని స్కాన్‌లో తేలింది, తెల్లవారేసరికి ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లారు. అందుకే నేను షిఫ్ట్ మొదట్లో స్కోరు అంకెకంటే గత ఎనిమిది గంటల గ్రాఫే ముందు చూస్తాను.

ఇప్పటికీ నన్ను బాధపెట్టేది శ్వాస రేటు. మా వార్డులో దాన్ని మిషన్ లెక్కపెట్టదు, మేమే నిమిషం పాటు ఛాతీ చూస్తూ లెక్కపెట్టాలి. పనెక్కువైతే లెక్కపెట్టకుండా చాలామంది 18 అని రాసేస్తారు. పరిస్థితి దిగజారుతున్నప్పుడు చాలాసార్లు ముందు మారేది శ్వాసే, స్కోరుకు అదే అబద్ధం అందుతోంది. నర్సుకి ఐదుగురు పేషెంట్లున్న రాత్రికీ ఏడుగురున్న రాత్రికీ ఈ తేడా నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

హైదరాబాద్‌లో నర్సుగా ఉన్న నా స్నేహితురాలి ఆసుపత్రి ఇలాంటిది కొనాలనుకుంటోంది. వాళ్ల వార్డులో పల్స్, బీపీ లాంటి వైటల్స్ ముందు కాగితం మీద రాసి, షిఫ్ట్ చివర్లో కంప్యూటర్లో ఎక్కిస్తారట. అలాగైతే మధ్యాహ్నం రెండింటి బీపీ స్కోరుకి రాత్రి ఎనిమిదింటికి తెలుస్తుంది. ముందు మంచం పక్కనే ఎంట్రీ చేసే ఏర్పాటు అడగమన్నాను. తర్వాత, కొన్ని నెలలు అలర్టులు ఎవరికీ పంపకుండా తెర వెనుకే నడిపి, సొంత పేషెంట్ల మీద ఒక నర్సుకి ఒక షిఫ్ట్‌లో ఎన్ని వస్తాయో, అందులో నిజమైనవి ఎన్నో కంపెనీ చేత చూపించమని చెప్పాను.