ఫైర్ అలారం ప్యానెల్‌లో పసుపు దీపం ఆరిందని బిల్లు కట్టేయకండి

నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల్లో అపార్టుమెంట్లు, లాడ్జీలు, నర్సింగ్ హోములు చూసుకునేవారికి ఈ హెచ్చరిక. మీ ఫైర్ అలారం ప్యానెల్ EARTH FAULT అనో LOOP 1 OPEN అనో పదేపదే చూపిస్తోందా? మెయింటెనెన్స్ కాంట్రాక్టరు వచ్చి వెళ్లాక ఆ పసుపు దీపం ఆరిపోయిందా? అంతమాత్రాన లోపం పోయినట్టు కాదు. లోపాన్ని సరిచేసినా దీపం ఆరుతుంది, లోపాన్ని కనిపెట్టే కన్ను మూసేసినా ఆరుతుంది. మా భవనంలో జరిగింది రెండోది. దానికి అసోసియేషన్ 60 వేల రూపాయలకు పైగా చెల్లించింది.

మాది నెల్లూరు మాగుంట లేఅవుట్ వైపు అయిదంతస్తుల భవనం. కింద దుకాణాలు, పైన ఇళ్లు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక ప్యానెల్ తెల్లవారుజామున మోగడం, మధ్యాహ్నానికి తనంతట తానే సర్దుకోవడం అలవాటైపోయింది. కొన్నాళ్లకు ఎర్త్ ఫాల్ట్‌తో పాటు లూప్ తెగినట్టు కూడా చూపించింది. కాంట్రాక్టరు మనిషి ముందు డిటెక్టర్లు పాడయ్యాయన్నాడు. పది మార్చారు. మళ్లీ వాన, మళ్లీ మోత. అప్పుడు ప్యానెల్‌లో లూప్‌ను నడిపే కార్డు పోయిందన్నాడు. అదీ మార్చారు. ఆ తర్వాత దీపం ఆరిపోయింది. ఎంత వాన పడినా వెలగలేదు. ప్రతి వానకూ మోగిన యంత్రం ఒక్కసారిగా ఇంత బుద్ధిమంతురాలు కావడమే నాకు అనుమానం తెచ్చింది.

ఇక్కడ లూప్ సంగతి కొంచెం చెప్పాలి. ప్యానెల్ నుంచి రెండు తీగల కేబులు బయలుదేరి, వరుసగా డిటెక్టర్లన్నిటి మీదుగా వెళ్లి, తిరిగి ప్యానెల్‌కే చేరుతుంది. మధ్యలో ఒకచోట తెగినా ప్యానెల్ రెండు కొసల నుంచీ కరెంటు ఇస్తుంది కాబట్టి డిటెక్టర్లన్నీ పనిచేస్తూనే ఉంటాయి. ఎర్త్ ఫాల్ట్ కూడా అంతే. ఒక తీగ భూమికి తగిలితే వెంటనే ఏమీ ఆగదు. ప్రమాదం రెండో లోపంతో వస్తుంది. ఇంకోచోట కేబులు తెగితే ఆ తెగిన రెండు చోట్ల మధ్య ఉన్న డిటెక్టర్లన్నీ మూగబోతాయి. ఇంకోచోట రెండో తీగ కూడా భూమికి తగిలితే అది షార్ట్ సర్క్యూట్ అవుతుంది. పసుపు దీపం మొదటి లోపం దగ్గరే మనల్ని లేపడానికి ఉంది. ఆ దశలో అన్నీ పనిచేస్తున్నట్టే కనిపిస్తాయి కాబట్టే, పని తెలియనివాడికి కానీ, తెలిసి దొంగపని చేసేవాడికి కానీ దీపాన్ని మభ్యపెట్టడం అంత తేలిక.

ఒంగోలు నుంచి ఒక పెద్దాయనను పిలిపించాము. వృత్తిరీత్యా ఇదే పని చేసి రిటైరైన మనిషి. ప్యానెల్ తలుపు తెరవగానే రెండు సంగతులు చూపించారు. మొదటిది, ఎర్త్ బిగించే టెర్మినల్ ఖాళీగా ఉంది. ఆకుపచ్చ తీగను విప్పి, కొసకు టేపు చుట్టి, పక్కకు తోసేశారు. ప్యానెల్ తన తీగలను ఆ ఎర్త్‌తో పోల్చుకునే ఫాల్ట్ కనిపెడుతుంది. పోల్చుకోవడానికి ఎర్తే లేకపోతే ఇక చెప్పేదేముంది? పైగా 230 వోల్టుల కరెంటు వచ్చే ఇనుప పెట్టెకు ఎర్త్ లేకుండా చేశారు. దాన్ని రోజూ ముట్టుకునేది మా వాచ్‌మన్. రెండోది, లూప్ బయలుదేరే టెర్మినల్ నుంచి తిరిగి వచ్చే టెర్మినల్‌కు చిన్న తీగ ముక్కలు వేశారు. బయట కేబులు తెగి ఉన్నా, వెళ్లిన కరెంటు తిరిగి వచ్చిందని ప్యానెల్ నమ్ముతుంది.

ఈ రెండు మోసాలనూ బయటపెట్టే పరీక్షలు మీ ఎదుటే చేయించుకోవచ్చు. పనివాణ్ని ఏదో ఒక డిటెక్టర్ బేస్ దగ్గర లూప్ తీగ ఒకటి విప్పమనండి. రెండు నిమిషాల్లోపు ప్యానెల్ OPEN అని చూపించాలి. చూపించకపోతే ఎక్కడో దొంగ ముక్క ఉన్నట్టే. తర్వాత ఆ తీగ బిగించి, లూప్ తీగను కాసేపు ఎర్త్‌కు తగిలించమనండి, ముందు ఒకటి, తర్వాత రెండోది. రెండుసార్లూ EARTH FAULT రావాలి. కొన్ని ప్యానెళ్లలో ఎర్త్ పర్యవేక్షణను ఆపే చిన్న లింకు బోర్డు మీదే ఉంటుంది. తీగ విప్పకుండా దాన్ని తీసేసినా ఈ పరీక్షలో దొరికిపోతుంది. మెనూలో DISABLED అని ఎన్ని డిటెక్టర్లు ఉన్నాయో కూడా చూడండి. సతాయించే డిటెక్టరును నిద్రపుచ్చి వెళ్లిపోయేవాళ్లు కూడా ఉన్నారు.

అసలు లోపాన్ని ఆయన పట్టుకున్న తీరు చూస్తే, మా డబ్బు ఎందుకు దండగైందో అర్థమవుతుంది. ముందు ప్యానెల్ లాగ్ చదివారు. ప్రతి ఫాల్ట్ పక్కన తేదీ, సమయం ఉన్నాయి. అన్నీ వాన కురిసిన రాత్రుల తర్వాత తెల్లవారుజామునే. డిటెక్టరు లోపలి లోపం వానను చూసుకుని రాదు, కాబట్టి వెతకాల్సింది తడి చేరే చోటు. ఎర్త్ తీగను తిరిగి బిగించి, దొంగ ముక్కలు తీసేసి, రెండు ఫాల్ట్‌లూ మళ్లీ వచ్చాక, లూప్ రెండు కొసలనూ ప్యానెల్ నుంచి విప్పి మల్టీమీటరుతో తీగకూ ఎర్త్‌కూ మధ్య రెసిస్టెన్స్ చూశారు. కొన్ని వేల ఓములే ఉంది, అంటే ఎక్కడో తీగ నుంచి ఎర్త్‌కు కరెంటు కారుతోంది. తీగల ఇన్సులేషన్‌ను పరీక్షించే మెగ్గర్ వాడలేదు. 500 వోల్టుల ఆ పరికరాన్ని డిటెక్టర్లు తగిలించి ఉన్న లూప్ మీద పెడితే లోపలి ఎలక్ట్రానిక్స్ కాలిపోయే ప్రమాదం ఉంది. మీ దగ్గరికి వచ్చినవాడు అది బయటికి తీస్తే ముందు ఆపండి.

తర్వాత మూడో అంతస్తులో లూప్‌ను విడదీసి రెండు సగాలనూ విడివిడిగా కొలిచారు. కింది సగం శుభ్రంగా ఉంది. పై సగాన్ని మళ్లీ రెండు చేశారు. అలా తగ్గించుకుంటూ పోతే డాబా మీద లిఫ్టు గది గోడకున్న ఇనుప జంక్షన్ బాక్సు దగ్గర తేలింది. మూత రబ్బరు చీలిపోయింది, కేబులు లోపలికి వచ్చే చోట బిగించే గ్లాండు వదులుగా ఉంది, అడుగున నీరు నిలిచింది. టేపు చుట్టి వదిలేసిన రాగి జాయింటు పచ్చగా చిలుమెక్కి ఒక తీగ తెగిపోయింది, రెండోది నీటిలో నానుతూ బాక్సుకు కరెంటు కారుస్తోంది. తెగిన లూప్, ఎర్త్ ఫాల్ట్, రెండింటికీ మూలం ఆ ఒక్క బాక్సే. సముద్రపు గాలి ఉన్న మన జిల్లాల్లో డాబా మీది టేపు జాయింట్లను చిలుము ఇలాగే తినేస్తుందట. కొత్త బాక్సు, సరైన కనెక్టర్లు, గ్లాండు వేయడానికి అయిన ఖర్చు మేము కార్డుకు పెట్టినదాంట్లో ఒక మూలకు కూడా రాదు.

ఒక్క జాగ్రత్త మమ్మల్ని కాపాడింది. మార్చిన పాత డిటెక్టర్లను వాచ్‌మన్ గదిలో పెట్టించాము, కాంట్రాక్టరు మనిషి తీసుకుపోతానన్నా ఇవ్వలేదు. పెద్దాయన వాటిని ఒక్కొక్కటిగా బేస్‌లో పెట్టి పొగ స్ప్రేతో చూస్తే తొమ్మిది చక్కగా పలికాయి. ఆ జాబితా, లాగ్ ప్రింటు, ఎర్త్ తీగ ఫోటో కలిపి కాంట్రాక్టరుకు పంపి, మిగిలిన వార్షిక వాయిదా ఆపేశాము. అమ్మిన సామాను వెనక్కి తీసుకునేది లేదని వాళ్లు అంటున్నారు. ఎర్త్ తీగ ఎవరు విప్పారన్న ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు రాలేదు.